తుపాకీ మోత, చెవి మూత

తుపాకీ శబ్దం పెద్దదని అందరికీ తెలుసు. అది ఎంత తక్కువసేపు ఉంటుందో మాత్రం చాలామందికి తట్టదు. తూటా వెనకాల మండిన మందు వాయువులు గొట్టం మూతి నుంచి ఒక్క ఉదుటున బయటపడతాయి. ఆ ఒత్తిడి సెకనులో వెయ్యో వంతు కూడా గడవకముందే శిఖరానికి చేరి, అంతే వేగంగా దిగిపోతుంది. ఎన్‌సీసీ కుర్రాళ్ళు పేల్చే .22 రైఫిల్ దగ్గర ఈ శిఖరం దాదాపు 140 డెసిబెల్స్ ఉంటుంది. అదే తూటాను పిస్టల్లో పెట్టి పేలిస్తే 150 దాటుతుంది, ఎందుకంటే పిస్టల్ గొట్టం పొట్టి, దాని మూతి చెవికి దగ్గర. 9 ఎం.ఎం. పిస్టల్ 160 దరిదాపుల్లో ఉంటుంది, పెద్ద రైఫిళ్ళు ఇంకా పైకి పోతాయి. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపించినా, డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లయినట్టు. ఒక్కసారి వినపడే పేలుడు శబ్దానికి సాధారణంగా పెట్టే పై హద్దు 140. అంటే రేంజ్‌లో వాడే తుపాకుల్లో అతి నెమ్మదైనదే ఆ హద్దు మీద నిలబడి ఉంది.

పెద్ద శబ్దాన్ని తట్టుకునే ఏర్పాటు చెవిలోనే ఒకటుంది. శబ్దం మరీ ఎక్కువైతే మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని, లోపలికి పోయే కదలికను కొంత ఆపుతుంది. ఆ కండరం స్పందించడానికి సెకనులో పదో వంతు దాకా పట్టవచ్చు. తుపాకీ పేలుడు అప్పటికే వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. కర్మాగారం మోతకు కొంతైనా అడ్డుపడే ఈ ఏర్పాటు ఇక్కడ పనికిరాదు.

దెబ్బ తగిలేది లోచెవిలో. అక్కడ కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు గొట్టంలో, ఒక్కో చెవికి పదిహేను వేల పైచిలుకు రోమకణాలుంటాయి. వాటి కొసన ఉండే సన్నటి నూగు కదిలినప్పుడే శబ్దం నరాల సంకేతంగా మారుతుంది. ఓ మోస్తరు మోతకు ఆ నూగు గాలికి వాలిన వరిపైరులా వంగి, కొన్ని గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో మళ్ళీ లేస్తుంది. కాల్పుల తర్వాత చెవులు దిబ్బళ్ళు పడి, మర్నాటికి తేరుకోవడం వెనక ఉన్నది ఇదే. తుపాకీ పేలుడు కణాన్నే చీల్చి చంపేయగలదు. చచ్చిన రోమకణం మనిషిలో మళ్ళీ పుట్టదు. దాన్ని తిరిగి మొలిపించే మందు ఇంతవరకూ లేదు. మర్నాటికి వినికిడి తిరిగొచ్చినా, అన్ని కణాలూ, వాటికి అంటుకున్న నరాల కొసలూ బాగుపడ్డాయని అనుకోవడానికి వీల్లేదు.

ఈ నష్టానికి ఒక ముద్ర ఉంటుంది. వినికిడి పరీక్ష గీతలో 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. కుడిచేతి వాటం రైఫిల్ షూటర్లలో ఈ గుంట ఎడమ చెవిలో ఎక్కువ లోతుగా కనిపిస్తుంది. కుడి చెంప తుపాకీ మడమకు ఆని ఉండటంతో కుడి చెవికి తల నీడ దొరుకుతుంది, ఎడమ చెవి మాత్రం గొట్టం మూతి వైపు తిరిగి ఉంటుంది. ఆ స్థాయి శబ్దాలు పోయినవాళ్ళు తమకు చెవుడు వచ్చిందని ఒప్పుకోరు, ఎందుకంటే మాట వినిపిస్తూనే ఉంటుంది. అచ్చులు బాగానే అందుతాయి. సన్నగా పలికే హల్లులు జారిపోతాయి. ‘మూత’ అన్నారో ‘మూస’ అన్నారో ‘మూక’ అన్నారో తేలదు. పెళ్ళి పందిట్లో, హోటల్లో నలుగురి మధ్య కూర్చున్నప్పుడు అవతలివాళ్ళు నసుగుతున్నారని కసురుకోవడం దీనికి తొలి గుర్తు. దాంతోపాటు చెవిలో ఆగని హోరు కూడా తగులుకోవచ్చు. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి అది మరీ ఇబ్బంది పెడుతుంది.

రేంజ్‌లో ఒకరి చెవికి తగిలేది ఒకరి తుపాకీ మోతే కాదు. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్ విభాగాన్నే తీసుకుంటే, అందులో .22 తూటాలు వాడతారు. నిదానంగా గురిచూసి కాల్చేవి 30, వేగంగా కాల్చేవి 30. రెండు దశలకూ ముందు అయిదేసి సరిచూపు గుళ్ళు కలిపితే మనిషికి 70. వరసలో పదిమంది నిలబడితే ఒక్కో చెవి మీద 700 పేలుళ్ళు పడతాయి. పక్కవాళ్ళవి ఎప్పుడు పేలతాయో తెలియదు కూడా. నాలుగు గోడల మధ్య రేంజ్ అయితే కాంక్రీటు నుంచి తిరిగొచ్చే శబ్దం దీనికి తోడవుతుంది. గాలి తుపాకుల 10 మీటర్ల రేంజ్ ఈ కోవలోకి రాదు. అక్కడ చెవి మూసుకునేది ఎక్కువగా ఏకాగ్రత కోసమే.

ఇయర్‌ప్లగ్, ఇయర్‌మఫ్ రెండూ చేసేది ఒకే పని, గాలి దారిని మూయడం. తేడా ఆ మూత ఎక్కడ పడుతుందన్నదే. ప్లగ్ చెవి రంధ్రంలో మూస్తుంది. మఫ్ చెవి చుట్టూ తల మీద మూస్తుంది. ఒకదాని బలం, మరోదాని బలహీనత, అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

ఎక్కువగా దొరికేది నురుగు ప్లగ్. ధర తక్కువ, జేబులో పడుతుంది, రైఫిల్ మడమకు అడ్డం రాదు, ఎండాకాలం ఉక్కపోయదు. పెట్టుకునే తీరు మాత్రం నేర్చుకోవాలి. ముందు చేతులు కడుక్కోవాలి. కాల్పుల తర్వాత వేళ్ళకు సీసం ధూళి అంటి ఉంటుంది కాబట్టి ఈ పని కాల్పులకు ముందే అయిపోవాలి. ప్లగ్‌ను వేళ్ళ మధ్య నలిపి, ముడతలు లేకుండా సన్నటి పుల్లలా చుట్టాలి. రెండో చేతిని తల మీదుగా పోనిచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగితే వంకరగా ఉన్న రంధ్రం తిన్ననవుతుంది. అప్పుడు ప్లగ్‌ను లోపలికి జొనిపి, అది ఉబ్బి గోడలకు పట్టుకునేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. చెవిని లాగకుండా మొదట్లోనే దూర్చి వదిలేయడం అందరూ చేసే పొరపాటు. అలాంటి ప్లగ్ సగానికి పైగా బయటే కనిపిస్తుంది. సరిగా కుదిరిందో లేదో చూడటానికి తేలిక పరీక్ష ఒకటుంది. మోత వినపడుతున్న చోట రెండు అరచేతులతో చెవులను గట్టిగా కప్పి తీయాలి. కప్పినప్పుడు శబ్దం బాగా తగ్గిందంటే ప్లగ్ పని చేయడం లేదు. తీసేటప్పుడు మెలితిప్పుతూ నెమ్మదిగా లాగాలి. ఒక్కసారిగా పీకితే కర్ణభేరికి నొప్పి పుడుతుంది.

మఫ్‌కు ఈ నేర్పు అక్కర్లేదు. తలకు తగిలిస్తే చాలు, సరిగ్గా ఉందో లేదో కోచ్ దూరం నుంచే చూడగలడు. కొత్తవాళ్ళకూ పిల్లలకూ మొదట మఫ్ ఇవ్వడమే మేలు. అయితే దాని మెత్తటి అంచు చర్మానికి ఏ సందూ లేకుండా అతుక్కోవాలి. రేంజ్‌లో కళ్ళద్దాలు తప్పనిసరి కాబట్టి వాటి కాడలు ఆ అంచు కిందకే దూరతాయి. మందపు కాడ అయితే మూడు నుంచి ఏడు డెసిబెల్స్ దాకా రక్షణ పోతుంది. అందుకే షూటర్లు పలచటి కాడలున్నవి వాడతారు. జడ, టోపీ అంచు, చెవి బుట్టలు కూడా ఇలాగే సందు తెరుస్తాయి. రైఫిల్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. చెంపను మడమకు ఆనించగానే కుడివైపు గిన్నె దానికి తగిలి పైకి లేస్తుంది. గురి చూసే క్షణంలోనే, అంటే మూత గట్టిగా ఉండాల్సిన సమయంలోనే, అది తెరుచుకుంటుందన్నమాట. పలచటి గిన్నెల మఫ్ కొంత నయం. రైఫిల్‌కూ షాట్‌గన్‌కూ ప్లగ్ ఇంకా నయం.

కొనేటప్పుడు డబ్బా మీద ఎన్‌ఆర్‌ఆర్ లేదా ఎస్‌ఎన్‌ఆర్ పేరుతో ఒక అంకె ఉంటుంది. మొదటిది అమెరికా పద్ధతి, రెండోది ఐరోపాది. రెండింటి కొలతలు వేరు కాబట్టి ఒకదాని అంకెను మరోదానితో పోల్చకూడదు. పైగా అది ప్రయోగశాలలో, నేర్పుగా పెట్టినప్పుడు వచ్చిన అంకె. అమెరికాలో పనిచేసేచోటి ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ, అసలు వాడుకలో దొరికేది అంచనా వేయడానికి నురుగు ప్లగ్ అంకెలో సగం, మఫ్ అంకెలో నాలుగో వంతు తీసేయమంది. ఈ లెక్కన 30 అంకె ఉన్న ప్లగ్ నుంచి దక్కేది 15, 24 అంకె ఉన్న మఫ్ నుంచి దక్కేది 18. చెవి దగ్గర 155 డెసిబెల్స్ ఉన్న పిస్టల్‌కు ప్లగ్‌తో 140, మఫ్‌తో 137 మిగులుతాయి. ఈ సూత్రం ఎడతెగని మోత కోసం చేసింది కాబట్టి పేలుళ్ళకు ఉజ్జాయింపు మాత్రమే. అదే ప్లగ్‌ను పద్ధతిగా పెట్టుకున్నవాళ్ళకు 25 దాకా తగ్గి, 130 మాత్రమే చేరవచ్చు. అంటే చేతికి వచ్చిన నేర్పు డబ్బా మీది అంకెను అటూ ఇటూ చేస్తుంది.

మూసిన రేంజ్‌లోనూ పెద్ద తుపాకుల దగ్గరా రెండూ కలిపి వాడటం ఆనవాయితీ. ప్లగ్ 30, మఫ్ 24 కలిస్తే 54 అవుతుందనుకోవడం పొరపాటు. రెండింటిలో పెద్ద అంకెకు ఇంచుమించు అయిదు కలపడమే సరైన లెక్క, కాబట్టి కాగితం మీద 35. చెవి దారిని ఎంత మూసినా శబ్దం పుర్రె ఎముకల గుండా లోచెవికి చేరుతుంది. నలభై, యాభై డెసిబెల్స్ తర్వాత ఏ మూతా ఏమీ చేయలేదు. అయినా ఆ అయిదుకు విలువ ఉంది. ఒకటి జారినా రెండోది కాపలా ఉంటుంది.

మఫ్‌తో ఎక్కువగా జరిగే ప్రమాదం దాని సౌకర్యం వల్లే వస్తుంది. కోచ్ ఏదో చెబుతున్నాడని ఒక చెవి మీది గిన్నె పక్కకు జరిపిన క్షణంలోనే పక్క లేన్‌లో తుపాకీ పేలుతుంది. దీనికి విరుగుడుగా ఎలక్ట్రానిక్ మఫ్‌లు వచ్చాయి. వాటి మైకు మామూలు మాటలను లోపలికి పంపుతుంది, శబ్దం 85 డెసిబెల్స్ దరిదాపులకు వచ్చేసరికి ఆపేస్తుంది. శిక్షణలో ఆదేశాలు వినడానికి ఇవి బాగా పనికొస్తాయి. పోటీల్లో మాత్రం శబ్దాన్ని అందుకునే పరికరమున్న రక్షణను ఐఎస్‌ఎస్‌ఎఫ్ నియమాలు షూటర్లకు అనుమతించవు. పోటీకి వెళ్ళేవాళ్ళు మామూలు మఫ్‌కో ప్లగ్‌కో అలవాటు పడాలి. ఏమీ లేనప్పుడు కుక్కుకునే దూది తగ్గించేది కొద్ది డెసిబెల్సే. ఖాళీ తూటా డొప్పలు దూర్చుకోవడం దూది కంటే ప్రమాదం, అవి లోపల ఇరుక్కుంటాయి.

మఫ్ అంచులు చెమటకు గట్టిపడి పగులుతాయి. తరచుగా వాడేవాళ్ళు ఏడాదిలోపే వాటిని మార్చుకోవాలి. తలపట్టీ బిగువు తగ్గినా అంతే. నురుగు ప్లగ్ నలిపాక మళ్ళీ ఉబ్బడం మానేస్తే పారేయాలి. షూటింగ్ మొదలుపెట్టేముందు ఒకసారి ఆడియోమెట్రీ చేయించుకుని, తర్వాత ఏడాదికోసారి ఆ గీతతో పోల్చి చూస్తే, మాటల్లో తేడా తెలిసేలోపే 4000 హెర్ట్జ్ దగ్గరి గుంట బయటపడుతుంది. రక్షణ లేకుండా పేలుడు తగిలి, చెవిలో హోరు గానీ దిబ్బడ గానీ ఒక రోజు దాటినా తగ్గకపోతే వెంటనే ఈఎన్‌టీ వైద్యుణ్ణి కలవాలి. అవసరమైతే వాళ్ళు ఇచ్చే స్టెరాయిడ్ చికిత్స పని చేసే అవకాశం మొదటి రోజుల్లోనే ఎక్కువ.