ఒకే టేప్ డ్రైవ్, రెండు జవాబులు

ఒక ప్రోగ్రాము టేప్ డ్రైవ్ పట్టుకుని ప్రింటర్ కోసం ఎదురుచూస్తోంది. ఇంకో ప్రోగ్రాము ఆ ప్రింటర్‌నే పట్టుకుని ఆ టేప్ డ్రైవ్ కోసం ఎదురుచూస్తోంది. చేతిలో ఉన్నది ఏదీ వదలదు, కావలసింది దేనికీ అందదు. రెండూ అలా నిలబడిపోతాయి. ఈ చిక్కుముడినే డెడ్‌లాక్ అంటారు. పడ్డాక విడదీయడానికి ఏదో ఒక ప్రోగ్రామును బలవంతంగా ఆపెయ్యాలి, అది అప్పటిదాకా చేసిన పని పోతుంది. మరి అసలు పడకుండానే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చని 1960ల నడుమ నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా చూపించాడు. ఆయన చెప్పిన కథలో ఒక బ్యాంకరు ఉంటాడు. దగ్గర ఉన్న డబ్బు పరిమితం. ప్రతి ఖాతాదారూ తనకు ఎక్కువలో ఎక్కువ ఎంత అవసరం పడుతుందో మొదటిరోజే చెప్పాలి. ఆ తర్వాత విడతలు విడతలుగా తీసుకుంటాడు, పని పూర్తయ్యాక మొత్తం తిరిగి కట్టేస్తాడు. పని పూర్తి కాకపోతే మాత్రం పైసా రాదు. అందుకని బ్యాంకరు ప్రతి విడతకు ముందూ ఒక లెక్క వేసుకుంటాడు: ఇది ఇచ్చాక కూడా, అందరూ తాము చెప్పిన గరిష్ఠం అడిగినా, ఒకరి తర్వాత ఒకరిని గట్టెక్కించగలనా? గట్టెక్కించే వరస ఒక్కటి కనిపించినా ఇస్తాడు, లేకపోతే ఆగమంటాడు. డైక్‌స్ట్రా లెక్కలో ఉన్నది ఒక్క డబ్బే. దాన్ని రకరకాల రిసోర్సులకు విస్తరించి 1969లో వ్యాసం రాసింది ఆయన శిష్యుడు హాబర్‌మన్. జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీల ఓఎస్ ల్యాబ్‌లో సీ భాషలో రాయించే బ్యాంకర్స్ అల్గారిథమ్ ఈ విస్తరించిన రూపమే.

ల్యాబ్‌లో చాలామంది ప్రోగ్రాము రాసేస్తారు, అవుట్‌పుట్ కూడా వస్తుంది. కానీ స్టేట్ సేఫ్ అంటే ఏమిటో, సేఫ్ కాదంటే ఏం జరుగుతుందో అడిగితే తడబడతారు. కాబట్టి చిన్న లెక్క ఒకటి తీసుకుని చివరిదాకా చేసి చూద్దాం. సిస్టమ్‌లో 10 టేప్ డ్రైవులు, 6 ప్రింటర్లు ఉన్నాయి. నాలుగు ప్రాసెస్‌లు నడుస్తున్నాయి. ప్రతి జతలో మొదటి అంకె డ్రైవులది, రెండోది ప్రింటర్లది.

```
      Allocation   Max    Need
P0       2 1       7 3    5 2
P1       2 0       3 2    1 2
P2       3 2       9 2    6 0
P3       1 1       5 2    4 1

Available  2 2
```

Allocation అంటే ఇప్పటికే చేతిలో ఉన్నది. Max అంటే మొదట్లో చెప్పిన గరిష్ఠం. రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే Need, అంటే ఇంకా అడిగే అవకాశం ఉన్నది. చేతుల్లో ఉన్నవన్నీ కూడితే 8 డ్రైవులు, 4 ప్రింటర్లు. కాబట్టి ఖాళీగా మిగిలినవి రెండేసి.

ఇప్పుడు Available విలువను Work అనే వేరే చోటికి కాపీ చేసుకుని పైనుంచి కిందికి వస్తాం. P0 కు ఇంకా 5 డ్రైవులు కావాలి, మన దగ్గర ఉన్నవి 2. కుదరదు, దాటేస్తాం. P1 కు 1 డ్రైవు, 2 ప్రింటర్లు చాలు. ఇవ్వగలం. ఇచ్చామనుకుందాం, అది పని ముగించి అన్నీ తిరిగి ఇచ్చేసిందనుకుందాం. మన దగ్గర్నుంచి ఇచ్చింది ఎలాగూ వెనక్కి వస్తుంది, దానికి అదనంగా P1 చేతిలో మొదటినుంచీ ఉన్న 2 డ్రైవులూ కలుస్తాయి. Work ఇప్పుడు (4, 2). P2 కు 6 డ్రైవులు కావాలి, కుదరదు. P3 కు (4, 1) కావాలి, సరిపోతుంది. అది ముగించాక Work (5, 3).

ఒక చుట్టు అయిపోయింది, ఇద్దరు మిగిలారు. ఇక్కడ ఆపేస్తే స్టేట్ సేఫ్ కాదన్న తప్పు జవాబు వస్తుంది. మళ్లీ మొదటినుంచి చూడాలి. P0 అడిగే (5, 2) ఇప్పుడు సరిగ్గా అందుతుంది, Work (7, 4) అవుతుంది. P2 అడిగే 6 డ్రైవులూ ఉన్నాయి, చివరికి Work (10, 6). P1, P3, P0, P2 అనే వరసలో అందరూ గట్టెక్కారు. స్టేట్ సేఫ్. చివరి Work మొత్తం రిసోర్సులతో సమానమైందో లేదో చూసుకోవడం మంచి అలవాటు. అందరూ ముగించినా (10, 6) రాకపోతే కోడ్‌లో ఎక్కడో Allocation బదులు Need నో Max నో కలిపేశారన్నమాట.

ఈ మొత్తం పనికి కోడ్‌లో గుండెకాయ ఇంతే:

```c
while (progress) {
    progress = 0;
    for (i = 0; i < n; i++)
        if (!finish[i] && fits(need[i], work)) {
            add(work, alloc[i]);
            finish[i] = progress = 1;
        }
}
```

ఒక చుట్టంతా తిరిగినా ఎవరూ ముందుకు కదలకపోతే ఆగిపోతుంది. అప్పటికి finish అందరికీ 1 అయి ఉంటే సేఫ్. చుట్టులో కదలిక ఉందో లేదో గుర్తుపెట్టుకునే ఆ progress లేకుండా, అందరూ ముగిసేదాకా తిరగమని రాస్తే, సేఫ్ కాని స్టేట్ ఇచ్చినప్పుడు ప్రోగ్రాము ఎప్పటికీ ఆగదు.

ఇక్కడ నాకెంతో నచ్చే విషయం ఒకటుంది. నాలుగు ప్రాసెస్‌లను వరసపెట్టడానికి 24 మార్గాలున్నాయి. అన్నిటినీ ప్రయత్నించాలా? P1 బదులు ఇంకొకరిని ముందు ఎంచుకుని ఇరుక్కుపోతే వెనక్కి రావాలా? అక్కర్లేదు. ఎవరు ముగించినా Work పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇప్పుడు పట్టేవాడు తర్వాతా పడతాడు. కాబట్టి కుదిరినవాణ్ణి కుదిరినట్టు ఎంచుకుంటూ పోవచ్చు, ఆ ఎంపిక వల్ల దారి ఎప్పుడూ మూసుకుపోదు. అందుకే ఒక్కో రిసోర్సు రకానికీ పరీక్షలు ప్రాసెస్‌ల సంఖ్య వర్గాన్ని మించవు.

ఇక అసలు పరీక్ష. పై స్టేట్‌లో ఉండగా P3 ఇంకొక టేప్ డ్రైవ్ అడిగింది. ఇచ్చినట్టు రాసుకుంటాం: ఖాళీ (1, 2), P3 చేతిలో (2, 1), ఇంకా కావలసింది (3, 1). లెక్క మళ్లీ నడిపితే P1 ముగిస్తుంది, Work (3, 2). P3 కు అది చాలు, ముగిశాక (5, 3). అక్కణ్ణుంచి P0, P2 ముందులాగే. సేఫ్, కాబట్టి ఇచ్చేయవచ్చు.

అదే డ్రైవు P3 బదులు P0 అడిగిందనుకుందాం. ఖాళీగా ఉన్నవి అవే, అడిగింది అదే ఒక్కటి. ఇచ్చినట్టు రాస్తే ఖాళీ (1, 2), P0 కు ఇంకా కావలసింది (4, 2). P1 ముగిస్తుంది, Work (3, 2). ఇప్పుడు P3 కు 4 డ్రైవులు కావాలి, P0 కూ 4 కావాలి, P2 కు 6 కావాలి. ఉన్నవి 3. ఒక్క డ్రైవు తక్కువై అందరూ ఆగిపోయారు. కాబట్టి P0 ను వేచి ఉండమనాలి, రాసుకున్న మార్పులన్నీ వెనక్కి తిప్పాలి. డ్రైవు ఖాళీగా ఉంది, అయినా ఇవ్వలేదు. బ్యాంకర్స్ అల్గారిథమ్ సారమంతా ఈ నిరాకరణలోనే ఉంది. ఎంత మిగిలిందన్న దాన్నిబట్టి జవాబు రాదు, అది ఎవరి చేతికి పోతోందో చూడాలి. ఇంకొంచెంతో పని ముగించి అన్నీ వెనక్కి ఇవ్వగలిగినవాడికి ఇస్తే దారి తెరుచుకుంటుంది. చాలా దూరం వెళ్లాల్సినవాడికి ఇస్తే మూసుకుపోతుంది.

P0 ఎంతసేపు ఆగాలి? P1 ముగించి తన డ్రైవులు ఇచ్చేస్తే ఖాళీ (4, 2) అవుతుంది. చూడ్డానికి బోలెడు. కానీ అప్పుడు P0 కు ఒకటిచ్చినా మిగిలేవి 3, అటు P3 కు, ఇటు P0 కు 4 చొప్పున కావాలి. మళ్లీ వద్దనే జవాబే వస్తుంది. P3 కూడా ముగించి ఖాళీ (5, 3) అయ్యాకే P0 అడిగిన ఆ ఒక్క డ్రైవు ఇవ్వడం సేఫ్ అవుతుంది.

వైవాలో ఎక్కువమంది తప్పే చోటు ఇక్కడే ఉంది. సేఫ్ కాని స్టేట్ అంటే డెడ్‌లాక్ అని చెప్పేస్తారు. P0 కు ఆ డ్రైవు ఇచ్చేశామనే అనుకుందాం. P1 ముగించింది, 3 డ్రైవులు ఖాళీ. P0 గరిష్ఠంగా 7 అని చెప్పింది కానీ ఈ రోజు పనికి 6 చాలాయి. చేతిలో 3 ఉన్నాయి, మిగతా 3 తీసుకుని ముగించి ఆరూ తిరిగి ఇచ్చేసింది. P3 కూ P2 కూ ఆ ఆరు చాలు. ఏ చిక్కూ లేకుండా అందరూ బయటపడ్డారు. P0 నిజంగానే ఏడోది అడిగి, P2, P3 కూడా తమ గరిష్ఠం దాకా పట్టుబడితేనే డెడ్‌లాక్. సేఫ్ స్టేట్‌లో ఉంటే, అందరూ గరిష్ఠం అడిగినా దాటించే పగ్గం ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో ఉంటుంది. సేఫ్ కాని స్టేట్‌లో ఆ పగ్గం ప్రాసెస్‌ల చేతికి పోతుంది. అవి కలిసొస్తే గండం గడుస్తుంది, లేకపోతే లేదు.

కోడ్‌లో ఇంకో తప్పు తరచుగా దొర్లుతుంది, అది సులభంగా కంటపడదు. Need ను Work తో పోల్చేటప్పుడు ప్రతి రిసోర్సునూ విడివిడిగా పోల్చాలి, మొత్తాలు కలిపి పోల్చకూడదు. మొదటి స్టేట్‌లో P0 డ్రైవు బదులు ఒక ప్రింటర్ అడిగిందనుకోండి. ఖాళీ (2, 1) అవుతుంది. P1 కు (1, 2) కావాలి. కూడి పోలిస్తే మూడుకి మూడు, సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ప్రింటర్లు రెండు కావాలి, ఉన్నది ఒకటి. మిగులు డ్రైవు ఆ లోటు తీర్చలేదు. నిజానికి ఇక్కడ ఒక్కరు కూడా మొదలుపెట్టలేరు, వెంటనే కాదని చెప్పాలి. మీ ప్రోగ్రాము ఈ కోరికను ఒప్పుకుంటే fits లోపల ఏం రాశారో ఒకసారి చూడండి.

ఇంత చక్కని లెక్కను మనం రోజూ వాడే లినక్స్, విండోస్ తమ పనిలో వాడవు. కారణం Max అనే ఆ నిలువు వరసే. బ్రౌజర్ తెరిచినప్పుడు అది మొత్తం ఎన్ని లాక్‌లు అడుగుతుందో ఎవరు ముందుగా చెప్పగలరు? ప్రాసెస్‌లు ఎప్పటికప్పుడు పుడుతుంటాయి, పోతుంటాయి. ప్రతి కోరికకూ ఈ లెక్కంతా నడపాలంటే ఖర్చు. గరిష్ఠాన్ని భద్రం కోసం ఎక్కువ చేసి చెబితే, ఖాళీగా ఉన్న రిసోర్సులు కూడా ఎవరికీ అందకుండా పడి ఉంటాయి. పైగా ఒక టేప్ డ్రైవ్ చెడిపోతే మొత్తం 10 అన్న నమ్మకమే పోతుంది, నిన్నటిదాకా సేఫ్ అన్న స్టేట్ ఈ రోజు కాకుండా పోవచ్చు.

అందుకని లినక్స్ కెర్నల్ రాసేవాళ్లు లాక్‌లన్నిటినీ ఒకే క్రమంలో తీసుకోవాలన్న నియమం పెట్టుకుంటారు, ఆ క్రమం తప్పితే హెచ్చరించడానికి lockdep అనే పనిముట్టు ఉంది. డేటాబేస్‌లు మరో దారి పట్టాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక లావాదేవీ లాక్ కోసం ఒక సెకను ఎదురుచూశాక, మామూలు సెట్టింగుల్లో, ఎవరు ఎవరికోసం ఆగారో వెతుకుతుంది. వలయం కనిపిస్తే ఒక లావాదేవీని రద్దు చేసి మిగతావాటిని వదులుతుంది. రద్దయినది మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, అందుకే వాళ్లకు ఆ ధర గిట్టుబాటవుతుంది. మధ్యలో ఆపి మళ్లీ మొదటికి తెచ్చుకోలేని పనులు, కావలసిన గరిష్ఠం కచ్చితంగా ముందే తెలిసిన పనులు ఉన్నచోట మాత్రం, ఎవరికీ ఏదీ ఇవ్వకముందే వేసే బ్యాంకరు లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.