ఏనాటిదో వ్యాట్ బకాయి ఇప్పుడు వస్తే

వరంగల్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం అనుకుందాం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, దుకాణం అందులోకి మారింది, పాత వ్యాట్ ఫైళ్లు అటకెక్కాయి. ఇప్పుడు వాణిజ్య పన్నుల శాఖ నుంచి ఒక కాగితం వచ్చింది. 2013-14లో 20 లక్షల సరుకుపై 5 శాతం పన్ను కట్టారనీ, 14.5 శాతం కట్టాల్సిందనీ, తేడా 1,90,000 రూపాయలు వెంటనే చెల్లించాలనీ అందులో ఉంది.

జీఎస్టీ వచ్చింది కాబట్టి పాత పన్ను పోయిందనే జవాబు చెల్లదు. పాత చట్టం కింద అప్పటికే ఏర్పడిన బాధ్యతలను జీఎస్టీ చట్టంలోని 174వ సెక్షన్ అలాగే నిలిపి ఉంచింది. తేల్చుకోవాల్సింది ఆ పన్నును గడువులోపు నిర్ణయించారా లేదా అన్నది.

ముందు చేతిలో ఉన్న కాగితం ఏమిటో చూడాలి. ఫారం 305ఏ అయితే అది షోకాజ్ నోటీసు, పన్ను ఇంకా ఖరారు కాలేదు. ఫారం 305 అయితే అసెస్‌మెంట్ ఆర్డర్. మన దుకాణదారుకు వచ్చింది ఈ రెండూ కాదు, ఉత్త బకాయి లేఖ. అంటే దాని వెనకాల ఎక్కడో ఒక ఆర్డర్ ఉండాలి. లేఖలో ఆ ఆర్డర్ తేదీ 2019 జనవరి 20 అని ఉంది. ఆయన మాత్రం ఆ ఆర్డర్‌ను ఏనాడూ చూడలేదు.

ఇప్పుడు లెక్క. లెక్కలు తనిఖీ చేసి చేసే అసెస్‌మెంట్‌కు వ్యాట్ చట్టం 21(4) సెక్షన్ ఇచ్చిన గడువు, ఆ పన్ను కాలం ముగిసినప్పటి నుంచి నాలుగేళ్లు. సంవత్సరంలో ఆఖరి నెల 2014 మార్చినే తీసుకున్నా, 2018 మార్చి 31తో గడువు తీరిపోయింది. ఆర్డర్ అప్పటికి దాదాపు పది నెలలు ఆలస్యం.

ఇక్కడ శాఖ చెప్పగల మాట ఒకటుంది. 2017 జూన్ 17న తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చి నాలుగేళ్ల గడువును ఆరేళ్లు చేసింది, ఆ ఏడాది చివర్లో దాన్ని చట్టం చేసింది. ఆ లెక్కన 2020 మార్చి వరకు సమయం ఉన్నట్టే. కానీ వ్యాపారులు కోర్టుకెక్కారు. 2022లో తెలంగాణ హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2023 అక్టోబరు 20న తిరుమల కన్‌స్ట్రక్షన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. కారణం సూటిగా ఉంది: జీఎస్టీ అమలయ్యాక పాత వ్యాట్ చట్టాన్ని ఇలా సవరించే అధికారం శాసనసభకు మిగల్లేదు. కాబట్టి గడువు తిరిగి నాలుగేళ్లే. ఈ ఒక్క తీర్పు ఎన్నో చిన్న దుకాణాలకు ఊపిరి పోసేదే, తెలియనివాళ్లు మాత్రం భయపడి డబ్బు కట్టేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

అయితే కావాలని పన్ను ఎగ్గొట్టారని శాఖ అంటే లెక్క మారుతుంది. దానికి చట్టం మొదటి నుంచే ఆరేళ్లు ఇచ్చింది. అందుకే 305ఏ నోటీసు కాపీ తెప్పించుకుని చదవాలి. ఎగవేత ఆరోపణ, దానికి ఆధారం అందులో ఉన్నాయా? రిటర్నులో సరుకును దాచకుండా చూపించి, రేటు దగ్గర మాత్రమే తేడా వస్తే, అది ఎగవేత కాదని గట్టిగా వాదించవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. ఆర్డర్ మీద 2018 మార్చి 28 అని, అంటే గడువుకు మూడు రోజుల ముందు తేదీ వేసి ఉంటే? అప్పుడు అది ఎప్పుడు అందిందో అడగాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఎం. రామకిష్టయ్య కంపెనీ మధ్య నడిచిన పాత అమ్మకపు పన్ను కేసులో, 1973 జనవరి 6 తేదీ ఉన్న ఆర్డర్ నవంబరు 21న వ్యాపారికి అందింది. ఆ పదిన్నర నెలల జాప్యానికి శాఖ వివరణ ఇవ్వలేదు. కాబట్టి ఆ తేదీన ఆర్డర్ నిజంగా రాశారని నమ్మలేమని సుప్రీంకోర్టు తేల్చింది. తపాలా రసీదు, ముట్టినట్టు సంతకం ఉన్న కాగితం, ఏదైనా సరే, నకలు అడగండి.

జవాబులో మొదట, ఆర్డర్ తనకు అందలేదని రాసి ఆర్డర్, నోటీసు, అందజేసిన రుజువుల ధ్రువీకృత నకళ్లు కోరాలి. తర్వాత తేదీలతో గడువు లెక్క, తీర్పు పేరు ఇవ్వాలి. ఆ పైన, గడువు వాదన వదులుకోకుండానే, రేటు ఎందుకు సరైందో బిల్లులతో చెప్పాలి. ఒక ప్రతిపై ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి.

ఆర్డర్ నకలు చేతికొచ్చిన రోజు రాసి పెట్టుకోవాలి. అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 30, అంతే. వివాదంలో ఉన్న పన్నులో 12.5 శాతం ముందుగా కట్టాలి. ఆ 60 రోజులూ పోగొట్టుకుని హైకోర్టుకు పరుగెత్తితే లాభం లేదని 2020లో గ్లాక్సో కేసులో సుప్రీంకోర్టు ఈ వ్యాట్ చట్టం కిందే చెప్పింది. బకాయి లేఖకు జవాబు ఇచ్చినంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు.