లేట్ ఫీజు ఒక్కటే అడిగితే సరిపోదు

క్రెడిట్ కార్డు కంపెనీకి ‘లేట్ ఫీజు తీసేయండి’ అని రాస్తే, వాళ్లు మహా అయితే లేట్ ఫీజే తీసేస్తారు. దాని పక్కన కూర్చున్న వడ్డీ అలాగే ఉంటుంది. తమాషా ఏంటంటే, చాలాసార్లు ఆ వడ్డీయే పెద్దది.

కిందటి అక్టోబరులో మా రూమ్మేట్‌కి డెంగీ వచ్చింది. 5న హాస్పిటల్లో చేరాడు, 12న డిశ్చార్జ్ అయ్యాడు. కార్డు బిల్లు రూ.18,640. కట్టాల్సిన గడువు 8వ తేదీ. ఆ రోజు వాడు సెలైన్ పెట్టించుకుంటూ పడుకుని ఉన్నాడు. 13న ఇంటికొచ్చి కాస్త కూర్చోగలిగిన వెంటనే మొత్తం కట్టేశాడు. 20న కొత్త స్టేట్‌మెంట్ వచ్చింది. లేట్ ఫీజు 750, దాని మీద 18 శాతం జీఎస్టీ 135, కలిపి 885. ఇంతవరకూ మేం ఊహించిందే. కింద ‘ఫైనాన్స్ ఛార్జెస్’ అని ఇంకో లైనుంది: 887. దానికి జీఎస్టీ 160. మొత్తం మీద రూ.1,932.

‘అయిదు రోజులు ఆలస్యానికి ఎనిమిది వందల వడ్డీ ఏంట్రా!’ అని వాడు అరిచాడు. నిజానికి బ్యాంకు వేసింది అయిదు రోజులకు కాదు. గడువులోగా మొత్తం కడితేనే వడ్డీ లేని కాలం వర్తిస్తుంది. లేకపోతే ప్రతి కొనుగోలుకూ కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. వాడు ఆగస్టు 28న 12,000 పెట్టి ఫోన్ కొన్నాడు. అప్పటి నుంచి అక్టోబరు 13 వరకు 46 రోజులు. మిగతా 6,640 సెప్టెంబరు 10న ఖర్చు పెట్టింది, దానికి 33 రోజులు. ఆ కార్డుకి నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. కాలిక్యులేటర్ తీసి మీరూ వేసి చూడండి, మొదటి దానికి 635, రెండోదానికి 252 వస్తుంది.

డబ్బు సంగతి అటుంచితే, వాడి అసలు దిగులు వేరే. చెల్లెలి ఎడ్యుకేషన్ లోన్‌కి వాడే కో-అప్లికెంట్. క్రెడిట్ రిపోర్టులో మచ్చ పడితే ఆ లోన్ దగ్గర ప్రశ్నలొస్తాయి. అందుకే మెయిల్ నేనే కూర్చుని రాశాను. కోడ్ రాసేవాడికి బగ్ రిపోర్టు రాయడం అలవాటే కదా. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏం కావాలి, అంతే.

ఇక్కడో నిబంధన తెలియాలి. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన క్రెడిట్ కార్డు నిబంధనల ప్రకారం, గడువు దాటి మూడు రోజులకు మించి బకాయి ఉంటేనే లేట్ ఫీజు వేయాలి, క్రెడిట్ బ్యూరోకు ఆలస్యంగా చూపాలి. మావాడి విషయంలో ఆ మూడు రోజులూ 11తో అయిపోయాయి. అంటే బ్యాంకు రూల్ తప్పలేదు. కాబట్టి మేం రాయాల్సింది ఫిర్యాదు కాదు, విజ్ఞప్తి. మీరు 10నే కట్టినా ఫీజు పడితే మాత్రం అది ఫిర్యాదే, అప్పుడు గొంతు మార్చి రాయొచ్చు. అలాగే కొంత సొమ్ము గడువులోగా కట్టి ఉంటే, మిగిలిన బకాయి మీదే లేట్ ఫీజు లెక్కగట్టాలి, మొత్తం బిల్లు మీద కాదు.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్లింది. తెలుగులో చెప్పాలంటే ఇదీ సారాంశం:

“అయ్యా, నా కార్డు చివరి నాలుగు అంకెలు ఫలానా. అక్టోబరు 8 గడువున్న రూ.18,640 బిల్లును 13న పూర్తిగా చెల్లించాను. అక్టోబరు 5 నుంచి 12 వరకు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉన్నాను. గడువు తేదీ, ఆ తర్వాతి మూడు రోజులు కూడా ఈ కాలంలోనే ఉన్నాయి. డిశ్చార్జ్ అయిన మర్నాడే చెల్లించాను. గత రెండేళ్లలో ఏ బిల్లూ ఆలస్యం కాలేదు. అక్టోబరు 20 స్టేట్‌మెంట్‌లోని లేట్ ఫీజు రూ.750, ఫైనాన్స్ ఛార్జెస్ రూ.887, ఈ రెండింటిపై జీఎస్టీ రూ.135, రూ.160 రద్దు చేయాలని కోరుతున్నాను. ఈ ఖాతాను క్రెడిట్ బ్యూరోకు ఆలస్యంగా చూపారో లేదో కూడా తెలియజేయగలరు. డిశ్చార్జ్ సమ్మరీ, చెల్లింపు రసీదు జతపరిచాను.”

ఇంతే. ‘చాలా బాధల్లో ఉన్నాను’ అన్న మాట వాడు పెట్టమన్నాడు, నేను తీసేశాను. చదివేవాడికి కావాల్సింది తేదీలు. నాలుగు అంకెలూ విడివిడిగా రాయడం వల్ల ఏది ఇచ్చారో, ఏది ఇవ్వలేదో జవాబులో తేల్చి చెప్పక తప్పదు.

డిశ్చార్జ్ సమ్మరీలో పేరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హాస్పిటల్ ముద్ర కనిపిస్తే చాలు. ప్లేట్‌లెట్లు, మందుల జాబితా ఉన్న పేజీలు మేం పంపలేదు. అది వాళ్లకు అనవసరం. బ్యాంకులో రిజిస్టరైన మెయిల్ నుంచే పంపాలి, నా మెయిల్ నుంచి పంపితే పట్టించుకోరు. అడ్రస్ మాత్రం స్టేట్‌మెంట్ మీదో, బ్యాంకు యాప్‌లోనో చూసి తీసుకోండి. గూగుల్లో ‘కస్టమర్ కేర్’ అని వెతికి దొరికిన నంబరుకి ఫోన్ చేస్తే, ఫీజు రిఫండ్ కోసం ఓటీపీ చెప్పమనే మహానుభావులు దొరుకుతారు. రిఫండ్‌కి ఓటీపీతో పనే లేదు.

మెయిల్ పెట్టాం కదా అని కొత్త బిల్లు ఆపొద్దు. ఆ 1,932 కూడా కలిపి 20వ తేదీ బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టించేశాను. మాఫీ వస్తే స్టేట్‌మెంట్‌లో క్రెడిట్‌గా పడుతుంది. ‘వాళ్లు తేల్చాక కడదాం’ అనుకుంటే, తేలేలోపు ఇంకో లేట్ ఫీజు పడుతుంది. రెండోసారికి చూపడానికి హాస్పిటల్ కాగితం ఉండదు.

ఆరో రోజు జవాబొచ్చింది. లేట్ ఫీజు, దాని జీఎస్టీ కలిపి 885 వెనక్కిస్తున్నామన్నారు. వడ్డీ మాత్రం ‘సిస్టమ్ లెక్కించినది కాబట్టి కుదరదు’ అట. సిస్టమ్ లెక్కించినా తీసేసే బటన్ మనిషి దగ్గరే ఉంటుందని ఆ పని చేసేవాళ్లకు తెలుసు. ఆ జవాబు కిందే, పాత రిక్వెస్ట్ నంబరుతో, బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాం. కొత్త వాదన ఏమీ లేదు. ఫీజు మాఫీకి ఒప్పుకున్న కారణమే వడ్డీకీ వర్తిస్తుంది కదా అని ఒక్క వాక్యం. రెండు వారాలకు సగం ఇచ్చారు, జీఎస్టీతో కలిపి 523.

మిగతా సగం కోసం రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు పోదామని వాడన్నాడు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. కానీ మాఫీ చేయాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాన్ని అంబుడ్స్‌మన్ ముట్టుకోరు. మూడు రోజుల రూల్ తప్పినా, ఇస్తామన్న రిఫండ్ ఇవ్వకపోయినా అది వేరే కథ. మా దగ్గర అలాంటి తప్పేం లేదు. వద్దులే అన్నాను.

క్రెడిట్ బ్యూరో ప్రశ్నకు మాత్రం రెండు జవాబుల్లోనూ ఒక్క ముక్క రాయలేదు. ఫీజు మాఫీ అయినంత మాత్రాన రిపోర్టులో పడ్డ ఆలస్యం దానంతటదే చెరిగిపోదు, రెండూ వేర్వేరు. అందుకే నవంబరు చివర్లో వాడి రిపోర్టు దించాం. సిబిల్ సహా నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఆ కార్డు ఖాతాలో అక్టోబరు గడిలో ‘000’ అని ఉంది, అంటే ఆలస్యం సున్నా రోజులు. వాడు ఆ పీడీఎఫ్‌ని అక్కడికక్కడే చెల్లెలికి వాట్సాప్ చేశాడు.