మూలకు పోతే సాలు మారుతుంది

జమ్మికుంట దగ్గర పత్తి చేను మీద డ్రోన్ ఎగరేసిన పాఠకుడొకరు అడిగారు: అచ్చు తోలి నాటిన సాళ్లు ఫొటో నడుమ తిన్నగానే ఉంటాయి, అంచుల్లో మాత్రం విల్లులా వంగుతాయేం? కలుపును గుర్తించే ప్రోగ్రామ్ కూడా మూలల్లోనే పక్క సాలును చూపిస్తోందట.

తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, లెన్స్‌ది. వెడల్పాటి దృశ్యాన్ని పట్టే లెన్స్ మామూలుగా అంచుల్లోని బిందువులను నడుమ వైపు జరుపుతుంది. ఆ జరుగుడు పెరిగే తీరు చూడండి:

```
r' = r (1 + k1 r²)
```

బొమ్మ నడుమ నుంచి బిందువు పడాల్సిన దూరాన్ని నాభ్యంతరంతో భాగిస్తే r, నిజంగా పడిన దూరాన్ని భాగిస్తే r' వస్తాయి. ఫొటో 4000×3000 పిక్సెళ్లు, నాభ్యంతరం 2900 పిక్సెళ్లు, k1 విలువ −0.1 అనుకుందాం. నడుమ నుంచి 1000 పిక్సెళ్ల దూరంలో పడాల్సిన మొక్క 12 పిక్సెళ్లే జరుగుతుంది. మూల దగ్గర, 2500 దూరంలో పడాల్సింది ఏకంగా 186 జరుగుతుంది. దూరం రెండున్నర రెట్లయితే జరుగుడు పదిహేను రెట్లు దాటింది! డ్రోన్ 20 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా చూస్తుంటే ఒక్కో పిక్సెల్ సుమారు 7 మిల్లీమీటర్ల నేల. అంటే పొరపాటు దాదాపు 1.3 మీటర్లు. సాళ్ల మధ్య ఎడం 90 సెంటీమీటర్లయితే సాలు దాటిపోయినట్టే.

మరి k1ను పట్టేదెలా? 1971లో డ్వేన్ బ్రౌన్ గుండ్లు కట్టి వేలాడదీసిన దారాలను ఫొటో తీసి, వాటి వంపు నుంచే లెక్క కట్టాడు. తిన్ననిది తిన్నగా రావాలి, అంతే సూత్రం. 2000లో జెంగ్‌యూ జాంగ్ గళ్లు అచ్చేసిన చదునైన పలకను రకరకాల వాలుల్లో చూపిస్తే చాలన్నాడు. ఇప్పుడు అందరూ వాడేది ఇదే.

అందరూ బోల్తా పడేదీ ఇక్కడే. పలకను ఎప్పుడూ ఫొటో నడుమనే పట్టుకుంటారు. సగటు పొరపాటు 0.2 పిక్సెల్ అని వస్తే మురిసిపోతారు. గళ్లు మూలకు పోనేలేదు కాబట్టి ఆ అంకె మూల గురించి ఏమీ చెప్పదు; సమీకరణం అక్కడ ఊహతో సాగుతుంది. పైగా సమీకరణానికి r పై ఘాతాల గుణకాలు k2, k3 కూడా కలిపితే ఆ ఊహ ఎటైనా పోతుంది. పలక మీది కాగితం ఉబ్బినా ఇంతే, గాజు మీద అతికించాలి. సరిదిద్దాక చేలో బిగించి కట్టిన తాడును ఫొటో అంచున వచ్చేలా తీసి, దాని రెండు కొసలూ గీతతో కలిపి చూడండి. నడుమ తాడు గీతను వదిలితే లెక్క తప్పు. సాళ్లను నమ్మకండి, అవి నిజంగానే వంకరై ఉండొచ్చు. డ్రోన్ నిలకడగా ఉన్నప్పుడే తీయండి. కదులుతుంటే సెన్సర్ వరుసవరుసగా చదవడం వల్ల వచ్చే వంపును లెన్స్ మీదికి నెట్టేస్తాం.

ఇక వాడకం. ఫొటోకు కట్టిన లెక్క వీడియోకు పనికిరాకపోవచ్చు, చాలా కెమెరాలు వీడియోలో బొమ్మను కత్తిరిస్తాయి. కొన్నయితే చెప్పకుండా తామే సరిదిద్దేస్తాయి, మనం మళ్లీ సరిదిద్దితే వంపు ఎదురు తిరుగుతుంది! డ్రోన్‌లోని చిన్న కంప్యూటర్ మీద బొమ్మంతా తిరగరాయాల్సిన పని కూడా లేదు. కలుపు దొరికిన బిందువులను మాత్రం `cv2.undistortPoints`కు ఇచ్చి, ఆ తర్వాతే నేల మీది చోటు లెక్క కట్టండి.