‘మూడోది మాత్రం’ తర్వాత ఏముంది?

గోదాము అద్దె పని మీద విజయవాడ వెళ్లిన ఉద్యోగి నుంచి హైదరాబాద్‌లోని మేనేజరుకు సాయంత్రం ఒక మెయిల్ వచ్చిందనుకుందాం. ‘యజమానితో మాట్లాడాను. మూడు షరతులు పెట్టారు. ఆరు నెలల అద్దె అడ్వాన్సుగా కావాలట. అద్దె ఏటా 5 శాతం పెంచాలట. ఈ రెండింటితో మనకు పెద్ద ఇబ్బంది లేదు. మూడోది మాత్రం’ అన్నంత వరకే ఉంది. ఆ కింద సంతకం కూడా లేదు.

ఇలాంటప్పుడు మిగతాది మనమే పూరించేసుకుంటాం. ‘మాత్రం’ అన్నారంటే మూడో షరతు కుదరదనే కదా అనిపిస్తుంది. కానీ ‘మూడోది మాత్రం ఒప్పుకోలేం’ అని రాయబోయి ఉండవచ్చు, ‘మూడోది మాత్రం ఆయనే వదులుకున్నారు’ అని కూడా రాయబోయి ఉండవచ్చు. మన వాక్యంలో అవునో కాదో తేల్చే క్రియ చివర్లో వస్తుంది. తెగేది కూడా ఆ చివరే. ఊహ మీద ఆధారపడి ఆ గోదాము వదులుకుని ఇంకోటి వెతకడం మొదలుపెడితే, తప్పు తెగిన మెయిల్‌ది కాదు, ఊహించిన మేనేజరుదే.

కాబట్టి అడగాలి. అడిగే ముందు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి, ఎందుకంటే మెయిల్ పూర్తిగా వచ్చినా తెర మీద కనిపించకపోవడం మామూలే. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ను కొంతవరకే చూపించి, చివర ‘[Message clipped] View entire message’ అన్న వరుస పెడుతుంది. దాన్ని నొక్కితే మొత్తం తెరుచుకుంటుంది. రంగులు, పట్టికలు నిండిన పొడవైన మెయిళ్లలో ఇది ఎక్కువ. పాత సంభాషణ భాగమని భావించినదాన్ని జీమెయిల్ మూడు చుక్కల వెనక దాచేస్తుంది. ఒక్కోసారి అసలు విషయం కూడా ఆ చుక్కల వెనకే ఉండిపోతుంది. ఫోన్‌లో చూసినవాళ్లు కంప్యూటర్లోనూ ఓసారి చూడాలి. ఉన్న విషయాన్నే లేదని అడిగితే ఎదుటివాళ్లు మొహమాటానికి మళ్లీ పంపుతారు గానీ, మనం సరిగ్గా చదవమన్న సంగతి కూడా గుర్తుపెట్టుకుంటారు.

చూశాక కూడా కనిపించలేదు. అప్పుడు మేనేజరు రాసే జవాబు ఇలా ఉండవచ్చు:

‘నమస్తే అండీ. గోదాము గురించి మీరు పంపిన మెయిల్ అందింది. అడ్వాన్సు, ఏటా పెంపు సంగతి అర్థమైంది. నాకు వచ్చిన మెయిల్ “మూడోది మాత్రం” అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఫోన్‌లోనూ, కంప్యూటర్లోనూ చూశాను, ఆ కింద ఏమీ కనిపించడం లేదు. ఆ మాట తర్వాతి భాగం దీనికే రిప్లైగా పంపగలరా? రేపు 11 గంటలకు లాయరు గారితో మాట్లాడాలి, 10 లోపు అందితే చాలు. ప్రయాణంలో ఉంటే ఫోన్ చేసి చెప్పినా సరే. మీ జవాబు చూసేదాకా యజమానికి ఏ మాటా ఇవ్వను.’

ఇందులో మర్యాద ‘దయచేసి’ వంటి మాటల్లో లేదు. అసలు ఆ మాటే లేదు. ‘మీ మెయిల్ అసంపూర్తిగా ఉంది’ అనకుండా ‘నాకు వచ్చింది ఇక్కడ ఆగింది’ అనడంలో ఉంది. మొదటిది తీర్పు, పైగా నిజమో కాదో మేనేజరుకు తెలియదు. రెండోది ఆయన కళ్లతో చూసిన సంగతి. పై అధికారి నోట ‘అసంపూర్తి’ అన్న మాట వింటే కింది ఉద్యోగి ముందు క్షమాపణ రాస్తారు, కారణం రాస్తారు, చివరికి విషయం రాస్తారు. మేనేజరుకు కావలసింది ఆ చివరిది.

ఆగిపోయిన చోటి మాటను ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం ఈ జవాబుకు ప్రాణం. పంపినవారు తమ Sent ఫోల్డర్‌లోని ప్రతిని తెరిచి ఆ మాట కోసం చూస్తారు. అక్కడ కూడా మెయిల్ ఆ మాటతోనే ఆగి ఉంటే, రాస్తూ రాస్తూ పొరపాటున పంపేశారన్నమాట. జీమెయిల్‌లోనూ, ఔట్‌లుక్‌లోనూ Ctrl, Enter కలిపి నొక్కితే మెయిల్ వెళ్లిపోతుంది. కొత్త పేరా కోసం Enter నొక్కబోయిన వేలికి Ctrl తగిలితే చాలు. మాట మధ్యలో, సంతకం లేకుండా తెగిన మెయిళ్లలో ముందు అనుమానించాల్సింది దీన్నే. జీమెయిల్‌లో పంపాక Undo నొక్కడానికి దొరికేది 5 నుంచి 30 సెకన్లు, అదీ సెట్టింగులో పెట్టుకున్నదాన్ని బట్టి. ఆలోపు గమనించేవాళ్లు తక్కువ.

పంపినవారి ప్రతి నిండుగా ఉండి, అందుకున్నది తెగి ఉంటే సంగతి వేరు. దారిలోనో, మనవైపు చూపించే యాప్‌లోనో ఏదో తేడా ఉంది. ఇందులో ఒక పాత చిత్రం ఉంది. మెయిళ్లు మోసే ఎస్ఎంటీపీ పద్ధతిలో, 1982 నాటి ప్రమాణం నుంచి ఇప్పటిదాకా, ఒక వరుసలో ఒంటరిగా ఉన్న చుక్కే ‘మెయిల్ ఇక్కడితో అయిపోయింది’ అన్న గుర్తు. మనం నిజంగానే ఒక వరుసలో చుక్క ఒక్కటే పెడితే, పంపే సాఫ్ట్‌వేర్ దానికి ఇంకో చుక్క జతచేసి కాపాడాలి. జీమెయిల్ వంటివి ఆ పని చేస్తాయి. ఆఫీసులో ఎవరో సొంతంగా రాయించుకున్న ప్రోగ్రాం అది మరిచిపోతే, చుక్క తర్వాతిదంతా మాయమవుతుంది. మెయిల్ మాట మధ్యలో కాకుండా ఒక వరుస చివర శుభ్రంగా ఆగితే, పంపింది కూడా అలాంటి ప్రోగ్రామే అయితే, సాంకేతిక సిబ్బందిని ఈ చుక్క సంగతి అడగవచ్చు. మామూలు ఉద్యోగి చేత్తో రాసి పంపిన మెయిల్‌కు ఇంత దూరం వెళ్లనక్కర్లేదు.

కారణాన్ని బట్టి ఎలా పంపమనాలో కూడా మారుతుంది. వేలు జారిన పొరపాటైతే మిగిలిన ముక్క పంపితే సరిపోతుంది. మొత్తం మళ్లీ రాయమంటే రెండు మెయిళ్లు తయారై, ఒకదాంట్లో 5 శాతం, ఇంకోదాంట్లో 6 శాతం ఉండే ప్రమాదం వస్తుంది. అలాకాక పొడవు వల్లే తెగిందని తేలితే, అదే సంభాషణకు రిప్లై ఇస్తే కింద పాతదంతా చేరి మళ్లీ తెగవచ్చు. అప్పుడు ‘పాత మెయిళ్లు కింద లేకుండా కొత్తగా పంపండి’ అని అడగడం మేలు.

జవాబులో సమయం, దాని కారణం రెండూ ఉన్నాయి. ‘వీలైనంత త్వరగా’ అంటే ఒకరికి ఈ రాత్రి, ఇంకొకరికి ఎల్లుండి. లాయరుతో మాట 11 గంటలకని తెలిస్తే 10 ఎందుకో అర్థమవుతుంది, రాత్రి తొమ్మిదింటికి బస్సులో కూర్చుని టైపు చేయనక్కర్లేదని కూడా తెలుస్తుంది. ‘ఏ మాటా ఇవ్వను’ అన్న చివరి వాక్యం కూడా అలాంటి ఊరటే. సగం మెయిల్ చూసి పెద్దాయన ఏం నిర్ణయించేశారోనన్న కంగారు ఉండదు.

ఇంకొకటి, మొదటి మెయిల్‌కు సీసీలో నలుగురు ఉన్నారనుకోండి. ఈ జవాబు ఆ నలుగురికీ వెళ్లాలా? నా లెక్కన వద్దు. పంపినవారికి ఒక్కరికే రాయాలి. మిగిలిన ముక్క మాత్రం అందరికీ పంపమని ఒక వాక్యం చేర్చాలి, లేకపోతే ఆ నలుగురి దగ్గర ‘మూడోది మాత్రం’ అలాగే ఉండిపోతుంది.

రెండోసారి కూడా తెగితే ఇక మెయిల్‌తో కుస్తీ పట్టకుండా ఫోన్ చేయడమే. విన్నాక మేనేజరే ఒక వరుస రాసి పంపాలి: ‘ఫోన్‌లో మీరు చెప్పినట్టు, మరమ్మతుల ఖర్చు మనదేనన్నది మూడో షరతు. నేను సరిగ్గానే విన్నానా?’ లాయరు ముందు పెట్టడానికి పనికొచ్చే కాగితం అప్పటికి చేతికొస్తుంది.