సీసాలో వాన, చెరువులో కరువు



బడి పిల్లలకు నీటి చక్రం పాఠం ఉంటుంది. పుస్తకంలో బొమ్మ చూసి బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అని గడగడా అప్పజెప్తారు. అవేమిటమ్మా అంటే నోరు మెదపరు. ఆ మూడూ వంటింట్లోనే చూపించవచ్చు.

వెడల్పు మూతి ఉన్న గాజు ఊరగాయ సీసా ఒకటి, దాని మూతి పూర్తిగా మూసుకొనేటంత స్టీలు పళ్ళెం ఒకటి, గుప్పెడు ఐసు ముక్కలు కావాలి. నీళ్ళు పొగలు వచ్చేదాకా కాచి దించండి. మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోస్తే గాజు చిట్లుతుంది. ముందు కొంచెం గోరువెచ్చటి నీళ్ళతో సీసాను తొలిచి, ఆ తరవాత వేడినీళ్ళు రెండు వేళ్ళ ఎత్తు పొయ్యండి. ఈ పని పెద్దవాళ్ళే చెయ్యాలి. చిటికెడు పసుపు కలిపి, పళ్ళెం మూసి, అందులో ఐసు వెయ్యండి. ఐసు దొరకని ఊళ్ళో కొత్తకుండ నీళ్ళు పోసినా సరే, కాకపోతే ఆలస్యమవుతుంది.

కాసేపటికి పళ్ళెం అడుగున చెమట పట్టినట్టు బొట్లు కడతాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి టప్పున రాలతాయి. పది నిమిషాలైనా బొట్టు కట్టకపోతే, పళ్ళేనికీ మూతికీ మధ్య సందు ఉండి ఆవిరి బయటికి పోతున్నట్టు, లేదా నీళ్ళు చల్లారిపోయినట్టు.

ఇక్కడే పిల్లలు తప్పుదోవ పడతారు. నేను మా వీధి పిల్లలకు చూపించినప్పుడు ఒక పాప, “ఐసు కరిగి కిందికి కారిందత్తా” అన్నది. కాదని చెప్తే తల ఊపుతారు గానీ నమ్మరు. అందుకని పళ్ళెంలో కాస్త కుంకుమ కలిపాను. పైన ఎర్రనీళ్ళు, కింద పచ్చనీళ్ళు, నడుమ పళ్ళేనికి పట్టిన బొట్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఎరుపు లేదు కనుక పైనుంచి కారలేదు. పసుపు లేదు కనుక కిందినుంచి చింది అంటుకోలేదు. నీరు ఒక్కటే ఆవిరై లేచి, పసుపును కిందనే వదిలేసిందన్న మాట. సముద్రం ఉప్పనిదైనా వాన చప్పగా ఎందుకుంటుందో కూడా అక్కడే తెలిసిపోయింది. నీళ్ళు పొయ్యని పొడి సీసా మీద కూడా ఐసు పళ్ళెం పెట్టి చూపండి. మహా అయితే పల్చటి మసక పడుతుంది గానీ బొట్టు రాలదు.

ఆ తరవాత పలక మీద బొమ్మ. ముందు సీసా గియ్యమనండి. నీటి దగ్గర బాష్పీభవనం అనీ, పళ్ళెం అడుగున సాంద్రీకరణం అనీ, రాలే బొట్టు దగ్గర అవపాతం అనీ రాయించండి. దాని పక్కనే సూర్యుడు, చెరువు, మబ్బు గీయించి అవే మాటలు అవే చోట్ల పెట్టించండి.

నేనూ అక్కడితో ముగించాననుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు బొమ్మకేసి చూసి, “అత్తా, మన చెరువు నీళ్ళు పైకి పోయినాయి గదా. మళ్ళా మన చెరువులోనే యాల పడల్యా?” అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను గీసిన బాణాలు చెరువులోంచి లేచి ఆ చెరువులోకే దిగుతున్నాయి. అనంతపురం పిల్లాడికి అది అబద్ధంగా కనిపించడంలో వింతేముంది?

సీసాకు మూత ఉంది, ఆకాశానికి లేదు. మన చెరువు ఆవిరిని గాలి ఎక్కడికో మోసుకుపోతుంది. అందుకని పలక తుడిచి మళ్ళీ గీశాం. ఎడమ పక్క అరేబియా సముద్రం, దాని పక్కన పడమటి కనుమలు, వాటికి ఇవతల కుడివైపు మన ఊరు. జూన్‌లో సముద్రపు గాలి తేమతో వచ్చి కనుమల్ని ఎక్కుతుంది. పైకి పోయినకొద్దీ చల్లబడుతుంది. మన ఐసు పళ్ళెం చేసిన పనే అక్కడ జరిగి, వాన కుమ్మరిస్తుంది. కనుమల్లోని ఆగుంబెలో ఏటా సగటున 7,000 మిల్లీమీటర్ల పైచిలుకు కురుస్తుంది. కొండ దిగి మన దాకా వచ్చేసరికి ఆ గాలిలో తేమ తరిగిపోతుంది. మన అనంతపురంలో సుమారు 550 మిల్లీమీటర్లే. దీన్నే వానచాటు ప్రాంతం అంటారు.

బొమ్మలో ఇంకో రెండు బాణాలు చేర్చాం. ఒకటి, వాననీరు నేలలోకి ఇంకి బావికి చేరేది. రెండోది, ఆ కనుమల్లో పుట్టిన తుంగ, భద్ర కలిసి పారి, తుంగభద్ర ఎగువ కాలువ గుండా మన జిల్లాకు వచ్చేది. పిల్లాడు ఆ కాలువ మీద వేలు పెట్టి, “అయితే కొండమీది వాన మనకు ఇట్లా వస్తాది” అన్నాడు.

సీసా ముందు పెట్టండి, మాటలు తరవాత నేర్పండి. చివర మాత్రం ఆ మూత తీసి చూపడం మరవకండి. సెలవు.