రెండు సెకన్లకు ఒక్క పేజీ

అరవై వేల మాటలున్న పదకోశం సైటు ఒకటి ఊహించుకోండి. నడిపేది ఒక్క మనిషి, ఓ చిన్న అద్దె సర్వర్ మీద. ఒక రాత్రి సైటు తెరుచుకోవడం మానేసింది. లాగ్ చూస్తే ఒకే ఐపీ అడ్రస్ నుంచి ఎడతెరిపి లేకుండా /search పేజీలు అడుగుతున్నారు. ఎవరో చెప్పుకోవాల్సిన చోట `python-requests` అని మాత్రం ఉంది. పేజీలను వరసపెట్టి దించుకునే స్క్రేపర్ పని అది. అడ్మిన్ ఆ అడ్రస్‌ను ఆపేశాడు. మర్నాడు డెవలపర్ మెయిల్: అందరికీ తెరిచి ఉంచిన పేజీలే కదా, నన్నెందుకు ఆపారు?

అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు లెక్కలో ఉంది. ఒక్కో వెతుకులాటకు డేటాబేస్‌కు అర సెకను పడుతుందనుకుందాం. సర్వర్ ఒకేసారి నాలుగు పనులు చేయగలిగితే సెకనుకు ఎనిమిది పేజీలు ఇస్తుంది. స్క్రేపర్ సెకనుకు ఇరవై అడిగింది. అంటే ప్రతి సెకనూ పన్నెండు మిగిలిపోతాయి, నిమిషం తిరిగేసరికి క్యూలో 720. అప్పుడొచ్చిన పాఠకుడి వంతు రావడానికి తొంభై సెకన్లు. అంతసేపు ఎవరు ఆగుతారు? పైగా జవాబు రాని ప్రతిసారీ స్క్రేపర్ వెంటనే మళ్లీ అడిగితే క్యూ ఇంకా పెరుగుతుంది.

నేనైతే ఆ అడ్మిన్‌ను ఇలా రాయమంటాను:

“నమస్తే. మా మాటలు మీకు పనికొస్తున్నందుకు సంతోషం. ఆపింది మిమ్మల్ని కాదండీ, ఆ వేగాన్ని. మీకు కావలసింది మొత్తం పదకోశమే అయితే పేజీలు దించుకోనక్కర్లేదు, ఒకే ఫైలుగా ఇస్తాను. పేజీలే కావాలంటే ఒకసారికి ఒక్కటే, రెండు సెకన్లకు ఒకటి చొప్పున తీసుకోండి. యూజర్ ఏజెంట్‌లో మీ ప్రాజెక్టు పేరు, మెయిల్ పెట్టండి. సర్వర్ 429 అంటే ఆగి, Retry-Afterలో చెప్పినంతసేపు అయ్యాకే మళ్లీ రండి. /search జోలికి మాత్రం వెళ్లొద్దు.”

రెండు సెకన్లకొకటి చొప్పున అరవై వేల పేజీలకు 33 గంటల 20 నిమిషాలు పడుతుంది. డెవలపర్‌కు అది ఒకటిన్నర రోజు ఓపిక, పాఠకుడికి మాత్రం తేడాయే తెలియదు. ఇక 429 అంటే ‘మరీ ఎక్కువగా అడుగుతున్నారు’ అని సర్వర్ చెప్పే సంకేతం. వెతుకులాట పేజీల సంగతి robots.txt అనే చిన్న ఫైల్లో ముందే రాసిపెట్టాలి:

```
User-agent: *
Disallow: /search
```

ఈ పద్ధతిని 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించారు. 2022లో RFC 9309గా ప్రమాణమైంది. అయితే ఇది విజ్ఞప్తే, తాళం కాదు. వినని స్క్రేపర్‌ను ఆపాలంటే సర్వర్‌లోనే వేగానికి హద్దు పెట్టాలి. అది పూర్తి నిషేధం కన్నా మేలు. ఒక కాలేజీ హాస్టల్ మొత్తం ఒకే ఐపీ అడ్రస్ మీద ఉండొచ్చు, ఆ అడ్రస్‌ను మూసేస్తే అక్కడ పదకోశం చూసుకునే పిల్లలకూ తలుపు మూసినట్టే.